వడ్డీ ముప్పావు శాతం తగ్గిందని లోన్ మార్చేస్తామా?

మా ఆఫీసులో ఒకాయనకి ఇంటి లోన్ ఇంకా 30 లక్షలు ఉంది, 15 ఏళ్లు కట్టాలి, వడ్డీ 9.25. వేరే బ్యాంకు ఏజెంట్ ఫోన్ చేసి 8.5కి ఇస్తాం సార్, ఈఎంఐ 30,876 నుంచి 26,035కి దిగుతుంది అన్నాడు. నెలకి దాదాపు 4,800 మిగులు అనగానే మావాడు సగం ఒప్పేసుకున్నాడు.

కాగితం తీసి చూస్తే అసలు కిటుకు గడువులో ఉంది. ఏజెంట్ 15 ఏళ్లని మళ్లీ 20 చేశాడు. అదే 8.5కి 15 ఏళ్లే పెడితే ఈఎంఐ 29,542, అంటే వడ్డీ తగ్గినందుకు నిజంగా మిగిలేది నెలకి 1,334 మాత్రమే. 20 ఏళ్లకి ఒప్పుకుంటే మొత్తంగా ఇప్పటి లోన్ కంటే ఇంకో 6.9 లక్షలు ఎక్కువ కడతాడు, అదీ తక్కువ వడ్డీకి! అందుకే పోల్చేటప్పుడు మిగిలిన నెలలు రెండు వైపులా ఒకటే ఉండాలి, లేకపోతే ఆ లెక్కకి అర్థం లేదు.

ఇక ఖర్చులు. ప్రాసెసింగ్ ఫీజు అర శాతం, 15,000, దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపితే 17,700. లీగల్, వాల్యుయేషన్‌కి ఒక 8,000 అడిగారు. కొత్త బ్యాంకుకి ఇంటి దస్తావేజులు తాకట్టు పెట్టే ఎంఓడీటీకి స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి ఇంకో 18,000. 'ప్రాసెసింగ్ ఫీజు జీరో' అన్న ఆఫర్లలో కూడా ఈ స్టాంపు డ్యూటీ మన నెత్తినే పడుతుంది, దాని గురించి ఏజెంట్లు పెద్దగా మాట్లాడరు. పాత బ్యాంకు మాత్రం ఫ్లోటింగ్ లోన్ ముందే తీర్చేస్తున్నామని పెనాల్టీ వేయకూడదు, ఆర్‌బీఐ రూలు.

మొత్తం 43,700. దీన్ని 1,334తో భాగిస్తే 33 నెలలు, అంటే దాదాపు మూడేళ్లు కడితే గానీ లాభం మొదలవదు, ఈలోపు ఇల్లు అమ్మినా, పెద్ద మొత్తం ముందే కట్టేసినా నష్టమే. ఇక 6 లక్షలు, 4 ఏళ్లే మిగిలినవాళ్లకైతే ఈ ముప్పావు శాతంతో మొత్తం మీద మిగిలేది 10 వేలే, ఖర్చులకే చాలదు.

ఇదంతా చూశాక మావాడు కొత్త బ్యాంకు ఆఫర్ లెటర్ పట్టుకుని సొంత బ్రాంచికే వెళ్లాడు. వాళ్లు జీఎస్టీతో కలిపి 5,900 కన్వర్షన్ ఫీజు తీసుకుని 8.65 చేశారు. నెలకి 1,069 మిగులు, ఆర్నెల్లలోపే ఖర్చు తిరిగొచ్చేస్తుంది. కొత్త బ్యాంకుకి మారి ఉంటే 15 ఏళ్లలో దీనికంటే అదనంగా వచ్చేది సుమారు 10 వేలు, దానికోసం మళ్లీ లీగల్ ఒపీనియన్లు, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ తిరగడం ఎవడికి కావాలి అన్నాడు.