గేట్లు లెక్కపెట్టిన పిల్ల

మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో మొన్నటిదాకా ఒక మర్యాద నడిచేది. ఫోటో వస్తుంది. కింద రాసింది చదువుతాం. "అయ్యయ్యో" అంటాం, లేదంటే దణ్ణం బొమ్మ పెడతాం. ఆ తర్వాత మిగతా గ్రూపులకి పంపేస్తాం. ఫోటో వంక చూసే అలవాటు మాత్రం ఎవరికీ లేదు. కింద ఒకాయన అంత శ్రమపడి రాసిపెట్టాక, మళ్ళీ పైన చూడ్డమంటే ఆయన్ని అనుమానించినట్టే కదండీ. పెళ్ళిలో భోజనం పెట్టినాయన్ని ఖర్చెంతైందని అడగం. ఇదీ అంతే.

ఈ మర్యాదని మంటగలిపింది నా మేనకోడలు. ఎలా కలిపిందో వివరంగా రాస్తున్నాను. మీ ఇళ్ళలోనూ ఇలాంటి పిల్లలు ఉండొచ్చు, ముందే జాగ్రత్తపడతారని.

మాది వశిష్ఠ గోదారి ఒడ్డున లంక ఊరు. గోదారి మా పెరటి గుమ్మానికి ఎదురుగానే ఉంటుంది. అయినా గోదారి కబుర్లు మాకు హైదరాబాదు నుంచి వస్తాయి. అక్కడ నాలుగో అంతస్తులో కాపరముండే మా బావగారు, మా ఏట్లో నీళ్ళెంత వచ్చాయో మాకు పొద్దున్నే తెలియజేస్తూ ఉంటారు. జులైలో ఒక రోజు ఉదయం ఆరూ పన్నెండుకి ఆయన దగ్గర్నుంచి ఒక ఫోటో దిగింది. ఆనకట్ట గేట్లలోంచి తెల్లటి నురగ కొండ మీంచి దూకినట్టు దూకుతోంది. కింద ఇలా ఉంది: "ధవళేశ్వరం బ్యారేజీ. ఇప్పుడే తీసినది. అన్ని గేట్లూ ఎత్తేశారు. లంకల వాళ్ళు తక్షణం ఖాళీ చేయాలి. అందరికీ పంపండి."

పైన రెండు బాణాల గుర్తు కూడా ఉంది. ఒక సందేశం కనీసం ఐదు చేతులు మారి వస్తే వాట్సాప్ వాడు ఆ గుర్తు వేస్తాడు, ఆ తర్వాత దాన్ని ఒకసారికి ఒక్కరికే పంపనిస్తాడు. అది జాగ్రత్త చెప్పడానికట. నాకైతే ఐ.ఎస్.ఐ. మార్కులా కనపడింది. పదకొండు గ్రూపులకి ఒక్కొక్కదానికీ విడివిడిగా పంపేసరికి వేలు వాచింది. ఊరికి సేవ ఊరికే అవుతుందా.

ఏడున్నరకల్లా మా ఆవిడ బియ్యం బస్తా అటకెక్కించింది. పాలేరు గేదెల్ని ఏటిగట్టు మీదకి తోలాడు. నా తోడల్లుడు మాత్రం నాకన్నా చురుకైనవాడు. లంకలో అరెకరం చక్కెరకేళి ఉంది ఆయనకి. "మునిగిపోయేదానికన్నా నరికేసుకోవడం నయం" అని ఇద్దరు కూలీల్ని పెట్టి లేత గెలలు నరికించడం మొదలుపెట్టాడు.

అప్పుడు పరీక్షలు రాసి మా ఇంటికొచ్చి ఉన్న మేనకోడలు, అంటే ఆ ఫోటో పంపిన బావగారి సొంత కూతురు, పళ్ళు తోముకుంటూ నా ఫోన్లోకి తొంగి చూసింది. "మావయ్యా, గేట్లు లెక్కపెట్టావా?" అంది.

గేట్లు లెక్కపెట్టడమేంటండీ! ఏళ్ళ తరబడి ఆ బ్యారేజీ మీద తిరుగుతున్నాను. ఒక్కసారైనా లెక్కపెట్టానా? అది లెక్కపెట్టింది. పన్నెండు. అందులో పది తెరిచున్నాయి, రెండు మూసున్నాయి. "అన్ని గేట్లూ ఎత్తేశారని రాశారుగా, మరి ఈ రెండూ?" అంది. ధవళేశ్వరానికి ఉన్నవి 175 గేట్లు. అవి కూడా ఒకే వరసలో ఉండవు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలు, మధ్యలో లంకలు.

నేను తక్కువ తిన్నానా? "175లో పన్నెండు ఫోటోలో పడ్డాయనుకోవచ్చుగా" అన్నాను. "అనుకోవచ్చు మావయ్యా. అందుకే చివర్లు చూడాలి" అంది. ఫోటోని వేళ్ళతో లాగి పెద్దది చేసింది. గేట్ల వరస అటు చివరా ఇటు చివరా కాంక్రీటు గోడలో ఆగిపోయింది, ఆ గోడ వెళ్ళి రాతి కొండలో దిగబడింది. అంటే ఫోటో తీసినవాడు తెంపలేదు, అక్కడున్న గేట్లే పన్నెండు.

తర్వాత నీళ్ళు దూకే ఎత్తు చూపించింది. ధవళేశ్వరంలో వరదప్పుడు గేట్లని పైకి లేపేస్తే నీళ్ళు వాటి కిందనుంచి పోతాయి. పైనా కిందా మట్టాలు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి సుళ్ళు తిరుగుతూ మట్టిరంగులో పారతాయే గానీ దూకవు. అదేమన్నా నీళ్ళు దాచుకునే పెద్ద జలాశయమా, వచ్చింది వచ్చినట్టు సముద్రానికి వదిలేయాల్సిందే. అందుకే పెద్ద వరదొచ్చినప్పుడల్లా 175 గేట్లూ ఎత్తుతూనే ఉంటారు. అది ప్రళయానికి గుర్తు కాదు, గేట్లెత్తే లస్కర్లకి మామూలు డ్యూటీ. ఈ ఫోటోలో మాత్రం గేట్ల పైన నడవా మీద ఒక మనిషి నల్లపూసంత ఉన్నాడు. ఆ పూసతో కొలిస్తే కింద నురగ దాకా కొన్ని పదుల మనుషుల ఎత్తుంది.

"ఇంత ఎత్తు గోడ, రెండు పక్కలా కొండలు, పన్నెండు గేట్లు. నాగార్జునసాగరైతే 26 ఉండాలి, విజయవాడ ప్రకాశం బ్యారేజీకి 70. ఇది శ్రీశైలం" అంది. శ్రీశైలం ఆనకట్ట ఎత్తు 145 మీటర్లు. దాన్ని తెచ్చి మా డెల్టాలో పెడితే, చుట్టూ అరిసె పళ్ళెంలా చదునుగా ఉన్న ఈ నేలలో కాకినాడ నుంచి కూడా కనిపిస్తుంది.

అయినా నేను ఊరుకోలేదు. గోదారి వాణ్ణి. "పట్టిసీమ దగ్గర తోడి మన గోదారి నీళ్ళు కృష్ణకి ఇస్తున్నాంగా. బదులుగా వాళ్ళ ఫోటో ఒకటి మనకొస్తే తప్పేమిటే?" అన్నాను. నవ్వి ఊరుకుంది. ఎటకారానికి లొంగని పిల్లల్తో కష్టం.

ఇక నా దగ్గరున్న బ్రహ్మాస్త్రం తీశాను. ఫోన్లో ఫోటో వివరాలు నొక్కి చూపించాను. ఈ రోజు తేదీ, 6:12. ఇప్పుడే అనడానికి ఇంతకన్నా సాక్ష్యమేం కావాలి? అది ఫోటో నా ఫోన్లోకి దిగిన టైమట. కెమెరా ఫోటోలో రాసిపెట్టే చోటూ వేళా వాట్సాప్‌లో మామూలుగా పంపేసరికే రాలిపోతాయట. అంటే పురుడు పోసిన వేళ అడిగితే నేను బస్సు దిగిన వేళ చెప్పానన్నమాట.

అప్పుడు చేసింది చూడండి, అది మరీ ఘోరం. ముందు ఫోటో మీదున్న రాతని కత్తిరించేసింది, ఆ అక్షరాలు ఉంటే వెతుకులాట వాటి వెంట పోతుందని. మిగిలిన ఆనకట్ట ముక్కని గూగుల్ లెన్స్‌లో పెట్టింది. తర్వాత, అదే ఫోటో ఇంతకుముందు ఎక్కడెక్కడ వచ్చిందో వెతికిపెట్టే టిన్‌ఐలో పెట్టి, అన్నిటికన్నా పాతది ముందు చూపించమంది. కొన్నేళ్ళ కిందట ఎవరో పెట్టిన అదే ఫోటో వచ్చింది. అదే నురగ, అదే నల్లపూస మనిషి, అవే రెండు మూసిన గేట్లు. కింద "శ్రీశైలం" అనుంది.

"చూశావా, దొరికింది!" అన్నాను. ఓడినా సరే, కథ ముగిస్తే అంబాజీపేట పొట్టిక్కలు తినొచ్చని. అది ఒప్పుకోలేదు. "ఈ ఫోటో నిన్నటికే ఉందంటే 'ఇప్పుడే' అన్నది అబద్ధమని తేలింది. అంతవరకే. శ్రీశైలం అని వీళ్ళు రాసింది మాత్రం నిజమని ఎలా? వీళ్ళూ మా నాన్నలాంటి వాళ్ళే అయితే?" అని, ఉపగ్రహ చిత్రంలో శ్రీశైలం తెరిచింది. ఆనకట్ట కింద ఘాట్ రోడ్డు మలుపు, ఎడమ పక్క కొండ బొజ్జ, గోడ వంపు, మూడూ ఫోటోలో ఉన్న చోటే ఉన్నాయో లేదో ఒక్కోటీ వేలు పెట్టి సరిపోల్చింది. మా పెళ్ళిచూపుల్లో కూడా మా మామగారు నన్నింత పరీక్షగా చూడలేదు.

నాకు రోషం వచ్చింది. పెద్ద పెద్దవాళ్ళకి లేని పట్టింపు మాకెందుకండీ? కేంద్ర హోం శాఖ 2016-17 వార్షిక నివేదికలో మన సరిహద్దు ఫ్లడ్‌లైట్లంటూ వేసిన ఫోటో స్పెయిన్, మొరాకో సరిహద్దుది. 2017లో ఐక్యరాజ్యసమితిలో పాకిస్తాన్ రాయబారి కాశ్మీర్ అమ్మాయని చూపించిన ఫోటో గాజాలో తీసింది. అంతటివాళ్ళు ఖండాలు దాటించారు. మా బావగారు పక్క ఏరే కదా దాటించింది.

పగ తీర్చుకోవడానికి మర్నాడు గేట్లు లేని ఫోటో ఒకటి వెతికి దాని ముందు పెట్టాను. కొబ్బరిచెట్లు, నడుం లోతు నీళ్ళు, పెంకుటిళ్ళు, పడవలో ముసలామె. "కోనసీమ, నిన్న సాయంత్రం" అనుంది. లెక్కపెట్టవే ఇప్పుడు! లెన్సులో పెడితే ఇలాంటివి వంద వచ్చాయి గానీ ఇదే ఫోటో రాలేదు. కొబ్బరిచెట్టుకి ఊరి పేరుండదు కదా. పావుగంట తలపట్టుకు కూర్చుంది. ఆ పావుగంటా నాకు పండగ.

తర్వాత మూలనున్న కొట్టు బోర్డుని పెద్దది చేసింది. అక్షరాలు మసకబారిపోయాయి. గుండ్రంగా ఉన్నాయి కాబట్టి తెలుగేనన్నాను. "తలకట్టేది మావయ్యా?" అంది. చిన్నప్పుడు పలకమీద దిద్దించేటప్పుడు మేష్టారు అడిగిన ప్రశ్న, అరవై ఏళ్ళకి మళ్ళీ. మసకలో అక్షరం తెలీకపోయినా, తెలుగైతే చాలా అక్షరాల నెత్తిన ఆ చిన్న టిక్కు మచ్చలాగైనా కనపడాలి. బోర్డంతా వెతికినా ఒక్కటీ లేదు, అన్నీ బోడిగుండ్లే. మలయాళం అలాగే ఉంటుందట. గోడకానించిన మోటార్ సైకిలు నంబరు కే ఎల్‌తో మొదలైంది. కేరళ.

"ఏ ఊరు? 2018 ఆగస్టు వరదలా?" అన్నాను. "తెలీదు. కేరళ కావచ్చు అనే రాస్తాను, అంతకు మించి ఇందులో ఏమీ లేదు" అంది. తెలీదు! మా గ్రూపు పుట్టాక అందులో ఎవరూ వాడని మాట అది.

వరద రాలేదని మాత్రం అది అనలేదు, ఆ సంగతి ఒప్పుకోవాలి. ఫోటో దొంగదైనంత మాత్రాన ఏరు ఖాళీగా ఉందని కాదంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకొస్తే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. బావగారి ఫోటో దిగిన పొద్దున ఉన్నది తొమ్మిది అడుగుల చిల్లర. 1986లో లంకలన్నీ మునిగినప్పుడు మేం ఏ ఫోటో చూడకుండానే, దండోరా విని గట్టెక్కాం. కానీ అడుగులూ చిల్లరా గ్రూపులో పెడితే ఎవరు చూస్తారండీ, నురగ లేకుండా?

ఆ సాయంత్రమే అది బస్సెక్కి ధవళేశ్వరం వెళ్ళి, బ్యారేజీ మీద నిలబడి ఒక ఫోటో తీసి గ్రూపులో పెట్టింది. మైళ్ళ పొడవున గేట్ల స్తంభాలు, కింద టీ రంగులో నిదానంగా పోతున్న నీళ్ళు, అంతే. దణ్ణం బొమ్మ ఒక్కటీ రాలేదు. పావుగంటకి వాళ్ళ నాన్న జవాబిచ్చారు: "ఇది ధవళేశ్వరం కాదమ్మా. ఎక్కడిదో సరిగ్గా చూసుకుని పంపు."

మా తోడల్లుడి ఇంట్లో ఇప్పటికీ రోజూ అరటికాయ వేపుడే. బొంతకాయైతే కూరకి పనికొస్తుంది గానీ, లేత చక్కెరకేళిని ఎన్ని పోపులు పెట్టినా వగరు పోవట్లేదట.