అత్తగారి తొలి చీరపై శ్వేతపత్రం

ప్రభుత్వాలు దిగిపోయినప్పుడో, కొత్తవి ఎక్కినప్పుడో శ్వేతపత్రాలు విడుదల చేయడం మన రాష్ట్రాల్లో ఆనవాయితీ. అప్పు ఎంత, ఖర్చు ఎంత, తప్పెవరిది అని అందులో రాస్తారు. పెళ్లయిన మొదటి ఏడాది అత్తగారికి సొంత జీతంతో చీర కొన్న కోడలు కూడా అలాంటి పత్రం ఒకటి విడుదల చేయాల్సిన అవసరం ఉందని నా అభిప్రాయం. ఎవరూ చేయడం లేదు కాబట్టి నేనే మొదలుపెడుతున్నాను.

ముందుగా పూర్వరంగం. మాది హైదరాబాద్ కాపురం, అత్తగారిది తెనాలి. నాకొక పెద్ద తోడికోడలు, ఒక ఆడపడుచు. నా కంటే ముందే ఇద్దరూ అత్తగారికి చీరలు పెట్టి ఉన్నారు. అక్క ఆరేళ్ల క్రితం తన మొదటి సంక్రాంతికి ధర్మవరం పట్టు పెట్టింది, పన్నెండు వేలు. వదిన మొన్న అత్తగారి షష్టిపూర్తికని ఉప్పాడ తెచ్చింది, తొమ్మిది వేలు. ఈ అంకెలు నేను అడిగి తెలుసుకున్నవి కావు. పెళ్లయిన వారంలోపే, వేర్వేరు సందర్భాల్లో, వేర్వేరు మనుషులు, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా నాకు చేరవేశారు.

కాబట్టి పరిధి తేలిపోయింది. పన్నెండు దాటితే పోటీ. తొమ్మిదికీ పన్నెండుకీ మధ్య అయితే ఆడపడుచు మీద పోటీ, అది ఇంకా ప్రమాదం. నాలుగు కంటే తగ్గితే చులకన. ఇవన్నీ లెక్కవేసి ఐదారు వేల దగ్గర ఆగాను. అప్పుడు గుర్తొచ్చింది, అసలు గండం అత్తగారింట్లో లేదు, మా పుట్టింట్లో ఉంది. ఉద్యోగం వచ్చిన కొత్తలో మొదటి జీతంతో మా అమ్మకు కంచిపట్టు కొన్నాను. అది కట్టుకుని దిగిన ఫొటోని అమ్మ ఇప్పటికీ వాట్సాప్ డీపీగా ఉంచుకుంది. వియ్యపురాళ్లిద్దరూ రోజూ ఒకరికొకరు గుడ్ మార్నింగులు పంపుకుంటారు. అంటే ప్రతి ఉదయం ఆ కంచిపట్టు, జరీ అంచుతో సహా, తెనాలిలో దర్శనమిస్తోంది. డీపీ మార్చమ్మా అని అమ్మను అడిగితే, "ఎందుకే, బాగా పడ్డాను కదా" అంది.

పట్టుకు పట్టుతోనే పోలిక వస్తుంది. కాబట్టి పట్టు జోలికే పోకూడదన్నది నేను తీసుకున్న మొదటి విధాన నిర్ణయం. ఈ శ్వేతపత్రంలో పనికొచ్చే ముక్క ఏదైనా ఉంటే అది ఇదే. పక్కవాళ్లు పరిగెడుతున్న దారిలో వెనక పరిగెత్తినా తప్పే, ముందు పరిగెత్తినా తప్పే. వేరే వీధిలో నడుచుకుంటూ పోవాలి.

నూలు అనగానే మంగళగిరి మనసులో మెదిలింది. కానీ తెనాలి మనిషికి హైదరాబాద్‌లో మంగళగిరి చీర కొని పట్టుకెళ్లడమంటే తల్లి పుట్టిల్లు మేనమామ దగ్గర పొగిడినట్టే. నిజాం బార్డర్ ఎంతుంటుందో, ఏ కొట్లో ఎంత తగ్గిస్తారో ఆవిడకు నోటికి వచ్చు. చీర విప్పకముందే ధర చెప్పేస్తుంది, పైగా మన కంటే రెండొందలు తక్కువ చెబుతుంది. అప్పుడు మనం చీర ఇచ్చినట్టు ఉండదు, మోసపోయి వచ్చినట్టు ఉంటుంది. అందుకని ఆవిడకు ధర తెలియని ఊరి చీర కావాలి. అలా గద్వాల తేలింది. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. అత్తగారు పూజకు కట్టుకోవచ్చు, బ్యాంకుకూ కట్టుకోవచ్చు. ధర్మవరం పక్కన పెడితే పోటీకి రాదు, అలాగని నేత చీర కాదని ఎవరూ అనలేరు.

రంగు విషయంలో నిపుణులను సంప్రదించాను. మా ఆయన్ని అడిగితే "మా అమ్మకి ఏదైనా ఓకే" అన్నాడు. కొడుకులిచ్చే ఈ ఒక్క మాటను నమ్మి దెబ్బతిన్న కోడళ్లు ఎందరో. అక్కకి ఫోన్ చేశాను. దీని వల్ల రెండు లాభాలు. రంగు తెలుస్తుంది, చెప్పకుండా కొన్నానన్న మాటా రాదు.

"అత్తయ్యకి ఏ రంగు లేదక్కా?"

"గచ్చకాయ రంగు లేదు" అంది, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా.

ఆ వేగమే నాకు అనుమానం తెచ్చింది. తెనాలి వెళ్లినప్పుడు, బీరువాలో మడతలు సర్దుతానని అత్తగారి దగ్గర అనుమతి తీసుకుని స్వయంగా తనిఖీ చేశాను. చీర పెట్టాలనుకునే ప్రతి కోడలూ షాపుకి వెళ్లే ముందు చేయాల్సిన పని ఇది. కింద అరలో ప్లాస్టిక్ కవర్లలో, కలరా ఉండల వాసనతో, మడత మీద మడత పడి గీతలు తేలిన చీరలు ఉంటాయి. అవన్నీ మనలాంటి వాళ్లు ప్రేమతో పెట్టినవి. చేతికందే అరలో అంచు దగ్గర కాస్త నలిగి, మెత్తబడినవి నాలుగైదు ఉంటాయి. అవి ఆవిడకు ఇష్టమైనవి. మా అత్తగారి నలిగిన చీరల్లో నేరేడుపండు రంగు, వంకాయ రంగు, ముదురు ఆకుపచ్చ కనిపించాయి. అన్నిటికీ సన్నటి అంచే. ధర్మవరం కింద అరలో ఉంది. గచ్చకాయ రంగు నిజంగానే లేదు.

"గచ్చకాయ రంగుదొకటి ఉండేదమ్మా, పెద్ద కోడలు తెచ్చింది. మొహం మీద బూడిద జల్లినట్టు ఉంటోందని మా చెల్లెలికి ఇచ్చేశా" అన్నారు అత్తగారు, నేను అడగకుండానే. అక్క అబద్ధం చెప్పలేదు. లేని రంగే చెప్పింది.

ఇక కొనుగోలు. ఆషాఢం వచ్చింది. కొత్త కోడలూ అత్తగారూ ఒక గడప దాటకూడని నెలలోనే షాపులన్నీ చీరల రేట్లు తగ్గిస్తాయి. ఇది యాదృచ్ఛికమని నేను నమ్మను. చీర కొనడానికి నెల రోజుల సమయం, అడ్డు చెప్పేవారు లేని ప్రశాంతత, శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం నాడు పెట్టడానికి సందర్భం. పెద్దలు అన్నీ ఆలోచించే పెట్టినట్టున్నారు.

షాపతను ముప్పై చీరలు విప్పాడు. గద్వాల అని చెప్పి రెండు మరమగ్గం చీరలు కూడా మధ్యలో తోశాడు. ఒంటి నూలు వేరు, అంచు పట్టు వేరు కాబట్టి చేత్తో నేసిన దాంట్లో ఆ రెండూ పోగు పోగుకీ ముడిపడతాయి. దాన్ని కుప్పడం అంటారు. చీర వెనక్కి తిప్పి అతుకు మీద వేలు పోనిస్తే సన్నటి గట్టులా తగులుతుంది. అతను తోసిన రెంటికీ ఏమీ తగల్లేదు, బల్ల మీద రాసినట్టు నున్నగా పోయింది. నేను వేలు పోనివ్వడం చూసి అతను "ఏ ఊరు మేడమ్ మీది?" అన్నాడు, కాస్త బాధగా. చివరికి నేరేడుపండు రంగు ఒళ్లు, వేలెడు అంచు, మామిడిపిందె బుటాలు. ఏడు వేల రెండొందలు అన్నాడు. ఆషాఢం పోను ఐదు వేల ఎనిమిదొందలు.

ఇక్కడ ఎవరూ హెచ్చరించని చిక్కు ఒకటుంది. ఫాల్ కుట్టించాలా వద్దా? ఫాల్, పికో అయిన చీరను ఏ షాపూ వెనక్కి తీసుకోదు. అంటే నచ్చకపోతే మార్చుకునే దారి మనమే మూసేసినట్టు. కుట్టించకుండా ఇస్తే "సగం పని నాకు వదిలేసింది" అవుతుంది. ఇక జాకెట్టు ముక్క చీరలోనే ఉంటుంది, దాన్ని కత్తిరిస్తేనే పికో పడుతుంది. కుట్టించి ఇద్దామంటే ఆది జాకెట్టు కావాలి. ఆది జాకెట్టు కోసం బీరువాలో చెయ్యి పెడితే, మర్నాడు ఇంట్లో ఒక జాకెట్టు తగ్గిందని గాలింపు మొదలవుతుంది. పనమ్మాయి మీద అనుమానం పోతుంది. ఆ పాపం నాకెందుకని, ఏదీ కుట్టించకుండా, ఫాల్ ఒకటి విడిగా కొని చీర మడతలో పెట్టాను. బిల్లు మాత్రం పర్సులో దాచాను. బిల్లు చీరతో ఇస్తే గొప్ప చెప్పుకున్నట్టు, పారేస్తే మార్చుకోవడానికి ఉండదు.

వ్రతం రోజు అక్క తన తాంబూలం ఇచ్చేదాకా ఆగాను. తర్వాత అత్తగారికి బొట్టు పెట్టి, చీర అంచుకు పసుపు రాసి, రెండు తమలపాకులు, వక్క, రెండు అరటిపండ్లతో చేతిలో పెట్టి కాళ్లకు దణ్ణం పెట్టాను. పసుపు రాసే ముందు బంగారు రంగు అట్టపెట్టె ఒకటి పక్కన పడేశాను. పెట్టె ఎంత మెరిస్తే పోటీ అంత ఎక్కువ.

"ఎందుకమ్మా ఇప్పుడు ఇవన్నీ" అన్నారు. ఇది ప్రశ్న కాదు, దీనికి జవాబు చెప్పకూడదు. చీర విప్పారు, కొంగు చూశారు, వెనక్కి తిప్పి అతుకు మీద వేలు పోనిచ్చారు. నా గుండె ఒక్క క్షణం ఆగింది. తర్వాత అసలు ప్రశ్న వచ్చింది.

"ఎంతయింది?"

హాల్లో అందరి మాటలూ ఆగాయి. వదిన కాఫీ గ్లాసు మధ్యలో నిలబెట్టింది. ఉన్నది చెప్తే గొప్ప, తగ్గించి చెప్తే చవక, "ఎంతైతే ఏంలెండి" అంటే దాపరికం. ముందే సిద్ధం చేసుకున్న జవాబు తీశాను. "ఏడు వేలన్నాడు అత్తయ్యా, ఆషాఢం కదా, తగ్గించాడు." ఎంత తగ్గించాడో చెప్పలేదు. ఏడు వేలు అక్క కంటే తక్కువ, వదిన కంటే తక్కువ. తగ్గింది కాబట్టి నేను దుబారా మనిషిని కాను. ఎంత తగ్గిందో తెలియదు కాబట్టి చీర విలువ పడిపోలేదు. అక్క నన్ను కాస్త కొత్తగా చూసింది, పెద్ద ఉద్యోగి పక్క సీట్లోకి బదిలీ అయి వచ్చిన గుమస్తాని చూసినట్టు.

"కొంగు కొంచెం పొడుగొచ్చినట్టుంది" అన్నారు అత్తగారు, మడత పెడుతూ. బీరువాలో ఏ అరలో పెడతారో చూద్దామని నీళ్ల వంకతో వెనకే వెళ్లాను. తలుపు వేసేశారు.

దసరాకి వెళ్లేసరికి ఫాల్ కుట్టి ఉంది, జాకెట్టు అయింది, అమ్మవారి గుడికి ఆ చీరే కట్టారు. అంచు దగ్గర అప్పుడే కొంచెం నలిగింది. గుళ్లో ఎదురింటావిడ కొంగు పట్టుకుని చూసి, "రంగు భలే ఉందండీ, ఎవరు పెట్టారు?" అంది.

"మా చిన్నబ్బాయి కొన్నాడు" అన్నారు అత్తగారు.

ఆ చిన్నబ్బాయి పక్కనే కొబ్బరికాయల లైన్లో నిలబడి ఉన్నాడు. తల తిప్పి, "ఏ చీర?" అన్నాడు.