రెండో వరుసలో "ఒకటి తగ్గించి రాసేయండి" అన్న ఫార్వర్డ్ గురించి

"సంచిలో 5 ఎర్ర బంతులు, 3 నీలం బంతులు. తీసింది తిరిగి వెయ్యకుండా రెండు తీస్తే ట్రీ డయాగ్రమ్ 10 సెకన్లలో! 1) మొదటి కొమ్మల మీద 5/8, 3/8. 2) ఒక బంతి తగ్గింది కాబట్టి రెండో వరుసలో ఎరుపుకి ఎక్కడైనా 4/7, నీలానికి ఎక్కడైనా 2/7. 3) ఎరుపు-నీలం, నీలం-ఎరుపు ఒకటే, ఒక్క దారి లెక్కేస్తే చాలు. 4) రెండూ ఒకేసారి తీస్తే ట్రీ పనికిరాదు. 5) రెండో బంతి ఎరుపయ్యే ఛాన్స్ కూడా 5/8 యే. పిల్లలున్న ప్రతి గ్రూపులో షేర్ చేయండి."

షేర్ చేశారు, నాకే ఈ వారంలో నాలుగు గ్రూపుల్లోంచి వచ్చింది. మా ఇంట్లో టెన్త్ చదివే పిల్లాడు దీన్ని చూసి నోట్‌బుక్‌లో ఉన్న సరైన ట్రీని కొట్టేసి తప్పు ట్రీ వేసుకున్నాడు, అందుకే కూర్చుని రాస్తున్నా.

మొదటి పాయింట్ కరెక్టే. నాలుగోది తప్పు, రెండు చేతులతో ఒకేసారి తీసినా ఒకదాన్ని మొదటిది, ఇంకోదాన్ని రెండోది అనుకుంటే అదే ట్రీ, అవే జవాబులు. దాని మీద ఇంకేం చెప్పక్కర్లేదు.

అసలు పాడుచేసేది రెండో పాయింట్. ఎర్ర బంతి తీశాక సంచిలో ఏం మిగిలింది? 4 ఎరుపు, 3 నీలం. నీలం ఒక్కటి కూడా పోలేదు కదా, మరి నీలానికి 2/7 ఎలా వస్తుంది? ఆ కొమ్మ మీద 3/7 ఉండాలి. అటువైపు మొదట నీలం వస్తే మిగిలేది 5 ఎరుపు, 2 నీలం, కాబట్టి అక్కడ 5/7, 2/7. కింద ఉన్న 7 అన్ని చోట్లా ఒకటే, ఎందుకంటే ఏ రంగు పోయినా పోయింది ఒక్క బంతే, కానీ పైన ఉన్న అంకె ఏ రంగు పోయిందో దాన్నిబట్టి మారుతుంది, తగ్గేది తీసిన రంగు మాత్రమే. రెండో వరుసలో ప్రతి కొమ్మా "మొదట ఇది వచ్చిందని తెలిస్తే" అన్న షరతుతో ఉంటుంది, ఆ షరతు చూడకుండా రెండు వైపులా ఒకే అంకెలు అతికించడం ఏం పద్ధతి?

ఇది పట్టుకోవడానికి మాస్టారు కూడా అక్కర్లేదు. ఒకే చోట నుంచి చీలిన కొమ్మల్ని కలిపితే 1 రావాలి, వీళ్ళ 4/7, 2/7 కలిపితే 6/7. మిగతా 1/7 ఎక్కడికి పోయింది? ఎరుపూ కాని నీలమూ కాని బంతి ఏదైనా ఉందా సంచిలో? చివర్లు కూడా చూడండి, అంటే ఒక్కో దారిలో ఉన్న రెండు భిన్నాల్నీ గుణిస్తే వచ్చేవి. సరైన ట్రీలో ఎరుపు-ఎరుపు 20/56, ఎరుపు-నీలం 15/56, నీలం-ఎరుపు 15/56, నీలం-నీలం 6/56, మొత్తం 56/56. వీళ్ళ ట్రీలో అదే వరుసలో 20, 10, 12, 6, మొత్తం 48/56. (భిన్నాల్ని మధ్యలో సింప్లిఫై చెయ్యొద్దు, 56 అలాగే ఉంచితే ఈ చెకింగ్ ఒక్క చూపులో అయిపోతుంది.)

ఇంత తప్పు ఎలా చెలామణీ అవుతోందో ఆ అంకెల్లోనే ఉంది. రెండూ ఒకే రంగు వచ్చే దారుల్లో వీళ్ళకి కూడా 20, 6 సరిగ్గానే వస్తాయి, "రెండూ ఎరుపు" లెక్క చేసి జవాబు సరిపోయిందని ఫార్వర్డ్ కొట్టేస్తారు. దెబ్బ తగిలేది రంగు మారే దారుల్లోనే.

దాని మీద మూడో పాయింట్ ఇంకో దెబ్బ. "చెరో రంగు ఒకటి" అంటే రెండు దారులూ కలపాలి, 15 + 15, అంటే 30/56. వీళ్ళ లెక్కలో 10/56. సగానికి పైన ఉన్న ఛాన్స్‌ని అయిదో వంతు కూడా లేకుండా చేశారు! నమ్మకం లేకపోతే బంతుల మీద 1 నుంచి 8 వరకు అంకెలు వేసి జతలు రాయండి, మొత్తం 28 జతలు, అందులో ఒక ఎరుపు ఒక నీలం ఉన్నవి 15. సగానికి పైనే కదా.

అయిదో పాయింట్ దగ్గర మాత్రం నేను తగ్గాలి. చూడగానే ఇదీ చెత్తే అనుకున్నా, ఒక బంతి పోయాక కూడా 5/8 ఏంటని. లెక్క వేశాను. ఎరుపు-ఎరుపు 20, నీలం-ఎరుపు 15, కలిపితే 35/56, అంటే నిజంగానే 5/8. మొదటి బంతి ఏంటో మనం చూడనప్పుడు రెండోదానికీ అదే ఛాన్స్, అది నిజం, ఒప్పుకుంటున్నా. విచిత్రం ఏంటంటే వాళ్ళ సొంత ట్రీలో 20, 12 కలిపితే 32/56, అంటే 4/7 వస్తుంది, రాసినవాళ్ళ రెండో పాయింటే అయిదోదాన్ని కొట్టేస్తోంది. ఇంకోటి, ఆ 5/8 ట్రీలో ఏ కొమ్మ మీదా రాసేది కాదు, రెండు చివర్లు కలిపాక పక్కన రాసుకునేది.