‘ఊకె మజాక్ చేసిన’ వాళ్ల తరఫున ఒక విన్నపం

మన దగ్గర అందరికీ ఒక సంఘం ఉంది. ఆటో డ్రైవర్లకు ఉంది, రైస్ మిల్లర్లకు ఉంది, పింఛనుదారులకు ఉంది. దోస్తును నలుగురిలో కడిగేసి, అతని ముఖం మాడగానే ‘ఊకె మజాక్ చేసిన’ అని చెప్పుకునే వర్గానికి మాత్రం ఇంతవరకు ఒక సంఘం లేదు, ఒక జెండా లేదు. హనుమకొండ చౌరస్తా నుంచి కాజీపేట దాకా ఏ చాయ్ హోటల్ ముందైనా వీళ్లు సాయంత్రం ఆరు దాటితే ఉచితంగా సేవలందిస్తుంటారు. ఎదుటివాడి పొట్ట, జీతం, పెండ్లి కాని చెల్లె, ఏదీ వదలరు. అంత కష్టపడుతుంటే ఈ మధ్య కొందరు బయలుదేరి, ఇది మజాక్ కాదు వేధింపు అంటున్నారు. మజాక్ ఎక్కడ ఆగింది, వేధింపు ఎక్కడ మొదలైంది అని నిలదీస్తున్నారు. జవాబు చెప్పవలసిన బాధ్యత ఎవరో ఒకరు తీసుకోవాలి కనుక నేను తీసుకుంటున్నాను.

వాదన కోసం ఒక అడ్డాను ఊహించుకుందాం. ఐదుగురు దోస్తులు, ఇంటర్ నుంచి కలిసి తిరిగినవాళ్లు, ఇప్పుడు నలభైకి దగ్గర పడ్డారు. అందులో ఒకతను ఒక వాన సాయంత్రం సైడ్ స్టాండు తీయడం మరిచి బైక్ నడిపి, మలుపులో పడ్డాడు. దెబ్బలేం తగల్లేదు, ప్యాంటు చినిగింది. ఆ ముచ్చటను అడ్డాకు మోసుకొచ్చింది అతనే. ఎట్లా పడ్డాడో నటించి మరీ చూపించాడు. ఆ రాత్రి నుంచి అతని పేరు ‘స్టాండు’. మరునాడు అతనూ ఊరుకోలేదు. చిట్టీ ఎత్తి ఏసీ కొని, కరెంటు బిల్లుకు భయపడి దాన్ని ఆన్ చేయని ఒకాయన ఆ గుంపులో ఉన్నాడు. వయసులో ఏడాది పెద్ద, అందరూ ‘అన్నా’ అంటారు. స్టాండు ఆ ఏసీని పట్టుకున్నాడు. అన్న కూడా పడీపడీ నవ్వాడు.

ఇంతవరకు మా వాళ్ల మీద ఎవరికీ ఫిర్యాదు ఉండటానికి లేదు. కథ అతనిదే, చెప్పిందీ అతనే, పైగా అన్నకు మర్నాడే తిరిగి తగిలింది.

రెండేళ్లకు స్టాండు చేస్తున్న చిన్న కాంట్రాక్టు పని దెబ్బతిన్నది. అన్న దగ్గర యాభై వేలు చేబదులు తీసుకున్నాడు. మజాక్ మాత్రం ఆగలేదు, ఆగాల్సిన అవసరం మా వర్గానికి కనబడలేదు. కాకపోతే స్టాండు అనే మాట బైకు మీది నుంచి దిగి మనిషి మీదికి ఎక్కింది. “మనోడు స్టాండు మీదనే ఉంటడు, ముందుకు పోడు” అని అన్న అంటే నలుగురు నవ్వారు. బైకు మీది నుంచి పడటం ఒక రోజు జరిగి అయిపోయిన పని. బతుకుదెరువు నిలదొక్కుకోకపోవడం అతను రోజూ రాత్రి మంచం మీద తలుచుకునే పని. ఒకనాడు పదేళ్ల కొడుకును వెంట తెస్తే, “ఏంరా, మీ స్టాండు డాడీ చాక్లెట్ కొనిచ్చిండా?” అని అడిగారు. పిల్లగాడు తండ్రి ముఖం చూశాడు. తండ్రి నవ్వాడు. నవ్వాడు కదా, ఇంకేం సాక్ష్యం కావాలి?

ఈ నవ్వు గురించి మా వ్యతిరేకులు ఒక పనికిమాలిన పరిశీలన చేస్తున్నారు. నిజంగా నవ్వేవాడికి మాట పూర్తయ్యాక నవ్వు వస్తుందట, ఒక్కోసారి ఆపినా ఆగదట. తప్పించుకోవడానికి నవ్వేవాడు మాట పూర్తి కాకముందే మొదలుపెట్టి అందరికంటే ముందు ఆపేస్తాడట. ఇంకా ముదిరితే ఎవరూ అనకముందే తనను తానే అనేసుకుంటాడట, ఎట్లాగూ పడే దెబ్బ తన చేత్తో పడితే కొంచెం తక్కువ నొస్తుందని. స్టాండు ఆ దశకు వచ్చాడు. “నాలాంటి స్టాండుగాడు ఏం చేస్తడు అన్నా” అని అడ్డాలో అడుగు పెట్టేవాడు. మా వాళ్లు దీన్ని స్పోర్టివ్‌నెస్ అని మెచ్చుకున్నారు. తర్వాత అతను ఆలస్యంగా రావడం, చాయ్ సగంలో లేవడం, వాట్సాప్ గ్రూపును మ్యూట్ చేయడం, “చాల్తీయండిరా” అని నేల చూస్తూ అనడం జరిగాయి. ఇవన్నీ వద్దని చెప్పడమేనట. మరి గట్టిగా చెప్పొచ్చు కదా? ఒకసారి గట్టిగా చెప్పాడు కూడా. “అరె ఫీలైతున్నడు రో!” అని ఆ వారం అంతా అదే నడిచింది.

అసలు చిక్కు వచ్చింది ఏసీ దగ్గర. ఒక సాయంత్రం మాటకు మాటగా స్టాండు పాత ఏసీ ముచ్చట తీశాడు. రెండేళ్ల కింద పడీపడీ నవ్విన అన్న ఈసారి నవ్వలేదు. “ముందు నా పైసలు ఇయ్యిరా, తర్వాత ఏసీ గురించి మాట్లాడుదువు” అన్నాడు. మిగతా వాళ్లు దానికి నవ్వారు. స్టాండు చాయ్ గ్లాసులోకి చూశాడు.

స్వీడన్‌లో పుట్టి నార్వేలో పనిచేసిన డాన్ ఓల్వేయస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1970ల నుంచి పాఠశాల పిల్లల మధ్య ఇదే విషయాన్ని పరిశోధించాడు. వేధింపు అనడానికి ఆయన మూడు గుర్తులు పెట్టాడు: కావాలని నొప్పించడం, అది పదే పదే జరగడం, ఇద్దరి మధ్య బలం సమానంగా లేకపోవడం. మొదటిదాని నుంచి మా వాళ్లు సులువుగా తప్పించుకుంటారు, ‘కావాలని అనలే’ అంటే సరిపోతుంది. రెండోదాన్ని దోస్తానా అని పిలుస్తారు. మూడోది మాత్రం ఇబ్బంది పెడుతుంది. బలం అంటే కండ కాదు. యాభై వేల బాకీ కూడా బలమే. నౌకరి పెట్టించినవాడు, ఇంటి ఓనరు, బామ్మర్ది మీద బావ, వీళ్ల మాటకు తిరుగు మాట ఉండదు. అందుకే మజాక్‌ను పరీక్షించాలంటే మాట ఎంత ఘాటుగా ఉందో కొలవనక్కర లేదు. అదే మాట వెనక్కి వస్తే ఏమవుతుందో చూస్తే చాలు.

మన పెండ్లిళ్లలో ఆడవాళ్లు వియ్యాలవారి మీద పాటలు కట్టి ఏకేస్తారు. వియ్యపురాలి ముక్కు నుంచి ఆమె తెచ్చిన చీర దాకా దేన్నీ విడువరు. ఆ పాటల ముందు మన అడ్డా మజాక్ పాలు తాగే పిల్ల. అయినా ఎవరూ లేచి పోరు. ఎందుకంటే అవతలి పక్క కూడా పాటలు సిద్ధంగా ఉంటాయి, వరస కలవనివాళ్ల జోలికి పోరు, పెండ్లితో ఆ పాటలూ ముగుస్తాయి. మనం పాటల్లోని ఘాటును మాత్రం ఉంచుకుని మిగతా మూడింటినీ అనవసర ఖర్చు కింద కొట్టేశాం.

‘నా మనసులో ఏం లేదు’ అనే మాట మీద కూడా శాస్త్రజ్ఞులు చెయ్యి వేశారు. అమెరికాలో జస్టిన్ క్రూగర్, మరి ఇద్దరు 2006లో అచ్చేసిన పరిశోధనలో తేలిందేమిటంటే, ఆట పట్టించేవాడికి అది సరదాగా కనిపించినంతగా పడేవాడికి కనిపించదు. కారణం చాలా మామూలుది. మన ఉద్దేశం మనకు తెలుసు, అవతలివాడికి వినపడేది మాట ఒక్కటే. చట్టం మరీ అన్యాయం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లో తెచ్చిన ర్యాగింగ్ నిషేధ చట్టం తెలంగాణలోనూ ఉంది. విద్యార్థులను ఆట పట్టించినా, నలుగురిలో సిగ్గుపడేలా చేసినా ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. కాలేజీ పిల్లలు ఫిర్యాదు చేయడానికి 1800-180-5522 అనే ఉచిత నంబరు కూడా ఉంది. అదృష్టవశాత్తు ఆ చట్టం చాయ్ హోటల్ దాకా రాదు. నలభై ఏళ్లవాళ్లను దోస్తులకే వదిలేశారు.

అయితే మా వర్గానికి అసలు దెబ్బ కొట్టింది చట్టం కాదు, లోపలి మనిషి. ఆ ఐదుగురిలో ఎప్పుడూ ముందుగా నవ్వేవాడొకడు ఉండేవాడు. అన్న మాటకు సగం బలం అతని నవ్వే. కొడుకు ముందు జరిగింది చూశాక అతను నవ్వడం మానేశాడు. ఉపన్యాసం ఇవ్వలేదు, కొట్లాట పెట్టలేదు. “స్టాండు” అని ఎవరన్నా అనగానే, అతన్ని అసలు పేరుతో పిలిచి వేరే ముచ్చట అడిగేవాడు. నవ్వు రాని మజాక్ గాలిలో ఎంతసేపు వేలాడుతుందో అన్నకు మొదటిసారి తెలిసింది.

అన్న మొదట మా సంప్రదాయం ప్రకారమే దిద్దుకోబోయాడు. అందరి ముందు, “సారీ రా, నువ్వు ఇంత ఫీలైతవని తెల్వది” అన్నాడు. తప్పు చేసింది అన్న, ఫీలైంది స్టాండు, కనుక లెక్క ప్రకారం నేరం స్టాండుదే. పాపం అతను “అరె, ఏం లేదన్నా” అని అన్ననే ఓదార్చవలసి వచ్చింది. ఆ తర్వాత కొన్నాళ్లు అన్న అతి మర్యాదకు దిగి “మీరు రండి సార్, కూర్చోండి” అన్నాడు. దానికి అడ్డా అంతా పగలబడి నవ్వింది. అది కూడా వేధింపే, కాకపోతే ఇస్త్రీ చేసిన వేధింపు.

మూడోసారి పని కుదిరింది. భద్రకాళి చెరువు కట్ట మీద, ఇద్దరే ఉన్నప్పుడు, అన్న మూడు మాటలు చెప్పాడు. “పిల్లగాడి ముందు నిన్ను స్టాండు అన్న, అది తప్పు. నీ పైసల ముచ్చట నలుగురిలో తీసిన, అది ఇంకా తప్పు. ఇగ రెండూ చెయ్య, బాకీ సంగతి మనిద్దరి మధ్యనే ఉంటది.” నువ్వు ఫీలైతే అనే షరతు లేదు, నేను మంచోన్నే కదా అని అడగలేదు, భుజం మీద చెయ్యి వేయలేదు. అతను “సరే” అన్నాడు, అంతే. మూడు వారాలు అడ్డాకు రాలేదు. అన్న ఫోన్ చేసి ఎందుకు రాలేదని నిలదీయకుండా ఉండటానికి పడిన కష్టం మా వర్గానికి మాత్రమే అర్థమవుతుంది. మాఫీ అడిగినవాడికి వెంటనే దావత్ కావాలనిపిస్తుంది. గ్రూపులో తన చేతులతో చేసిన స్టాండు స్టిక్కరును మాత్రం అన్న తీసేశాడు, మిగతావాళ్లనూ తీసేయమన్నాడు.

అతను మళ్లీ వచ్చాడు. ముందులా కాదు, వారానికి ఒకసారి. పాత పేరు నోట్లోంచి జారితే అన్న అక్కడికక్కడే సరిదిద్దుతున్నాడు. ఒక్కటే సమస్య మిగిలింది. పేరు పోయాక నాలుగోవాడికి ఊసుపోక, చాయ్ తెచ్చే పదహారేళ్ల పిల్లగాడి నత్తిని పట్టుకున్నాడు. అన్న ఆపాడు. “వాడు మనకు తిరిగి అనలేడు, వద్దు.”

“అయితే ఇగ ఎవర్ని అనాలె?” అని వాడు నిజంగానే బాధపడ్డాడు.

“నన్ను అను.”

వాడు నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. అన్నకు వాడు కూడా ఇరవై వేలు బాకీ.