కనీస మొత్తమే కట్టండి, కార్డు సంస్థలను కాపాడండి

కొత్తగా కొలువులో చేరిన చిరంజీవులకు శుభాశీస్సులు. జీతం పడిందన్న సందేశం, దాని వెనకే ‘మీకు ముందుగానే మంజూరైన రుణం సిద్ధం’ అన్న సందేశం ఈపాటికి అందే ఉంటాయి. మీ జీతమెంతో ఇంట్లోవాళ్లకు ఇంకా చెప్పనేలేదు, అప్పుడే బ్యాంకు ముహూర్తం పెట్టేసింది. ఇంత ప్రేమ చూపించేవాళ్ల రుణం తీర్చుకోవడం మన విధి. తీర్చుకోవడమంటే పూర్తిగా తీర్చేయడం అనుకునేరు! ఆ ప్రమాదం రాకూడదనే ఈ ప్రసంగం.

ముందుగా క్రెడిట్ కార్డు. మీ జీతం 40 వేలు, కార్డు మీద వాడుకునే పరిమితి లక్షా ఇరవై వేలు అనుకుందాం. ఈ రెండూ కలిపితే నెలకు లక్షా అరవై వేల ఆదాయం అని లెక్క వేసుకున్నవారే మనకు కావలసిన ఆణిముత్యాలు. మిగతావాళ్లు కొంచెం శిక్షణ తీసుకోవాలి.

శిక్షణ ఇలా. మార్చి 10న 30 వేలు పెట్టి ఫోన్ కొన్నారు. ఏప్రిల్ 5న బిల్లు తయారైంది, కట్టడానికి ఏప్రిల్ 25 దాకా గడువు. అంటే కొన్న రోజు నుంచి 46 రోజులు వడ్డీ లేని సొమ్ము మీ చేతిలో ఉంది. బిల్లు మీద రెండు అంకెలు కనిపిస్తాయి. ఒకటి మొత్తం బకాయి, 30 వేలు. రెండోది కనీస చెల్లింపు, అందులో అయిదు శాతం, అంటే 1,500. మొదటి అంకె చూసి కంగారుపడకండి. రెండోదాన్నే చూడండి. 30 వేల ఫోను, 1,500 కడితే చాలంటున్నారు, ఇలాంటి ఉదారత ఇంకెక్కడైనా ఉందా?

మీరు 25న బుద్ధిగా 1,500 కట్టారు. ఆలస్య రుసుము పడలేదు, క్రెడిట్ స్కోరులో ‘కట్టలేదు’ అన్న మచ్చా పడలేదు. మిగిలిన 28,500 మీద ఇక నుంచి కదా వడ్డీ అని మీరు అమాయకంగా అనుకుంటారు. సాధారణంగా కార్డు నిబంధన అలా ఉండదు. బిల్లు పూర్తిగా కట్టలేదు కాబట్టి ఇచ్చిన 46 రోజుల ఉచితం వెనక్కి పోతుంది. వడ్డీ మార్చి 10 నుంచే, అదీ పూర్తి 30 వేల మీద మొదలవుతుంది. నెలకు మూడున్నర శాతం అంటే ఏడాదికి 42. 46 రోజులకు 1,588. ఆ తర్వాత మే 5 బిల్లు దాకా పది రోజులకు 28,500 మీద 328. వెరసి 1,916. మీరు కట్టింది 1,500. కాబట్టి మే నెల బిల్లులో బకాయి 30,416 అని కనిపిస్తుంది. కట్టాక అప్పు 416 పెరిగింది. ఇది అచ్చుతప్పేమోనని కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి వాళ్ల సమయం వృథా చేయకండి, అది సరైన లెక్కే.

ఇంతకంటే సొగసైన పద్ధతి ఇంకొకటుంది. కొంతమంది అప్పుకు భయపడి 30 వేలలో 29 వేలు కట్టేసి, ‘వెయ్యే కదా, వచ్చే నెల చూద్దాం’ అంటారు. వీళ్లు చెడిపోయిన పిల్లలనుకోకండి, మనవాళ్లే. 46 రోజులకు 30 వేల మీద పడే 1,588 వీళ్లకూ పడుతుంది, మిగిలిన వెయ్యి మీద పది రోజులకు మరో 12. వెయ్యి బాకీకి 1,600 వడ్డీ. వడ్డీ వ్యాపారులు కూడా ఇంత గౌరవంగా చేయలేని పని ఇది.

బాకీ ఉండగా కార్డును పక్కన పెట్టేయడం మర్యాద కాదు. వాడుతూనే ఉండండి. పాత బాకీ మోస్తున్న కార్డు మీద కొత్తగా కొన్నదానికి ఆ వడ్డీ లేని గడువు ఉండదు, కొన్న రోజునుంచే మీటరు తిరుగుతుంది. అదే కార్డుతో ఏటీఎంలో డబ్బు తీస్తే బాకీ ఉన్నా లేకపోయినా మొదటి రోజు నుంచే వడ్డీ, పైన తీసినందుకు రుసుము. అన్నీ మానేసి కనీస మొత్తమే క్రమం తప్పక కట్టుకుంటూ పోయినా, బాకీ సగానికి రావడానికి దాదాపు మూడున్నరేళ్లు పడుతుంది. అప్పటికి ఆ ఫోను ఉంటుందో లేదో గానీ బిల్లు మాత్రం ఉంటుంది.

ఇక్కడే రంగప్రవేశం చేస్తుంది ముందుగానే మంజూరైన రుణం. ‘కార్డు వడ్డీ ఎక్కువండీ, మా దగ్గర 12 శాతమే, లక్ష తీసుకోండి, 24 నెలలు’ అని తియ్యటి గొంతు పిలుస్తుంది. 42తో పోల్చి 12 అనగానే మీ కళ్లలో కాంతి వస్తుంది, రావాలి కూడా. ఆ 12 పక్కన ‘ఫ్లాట్’ అన్న మాట ఉందో లేదో చూడకండి. చూస్తే ఏమవుతుందో చెప్తాను. ఫ్లాట్ లెక్కలో లక్షకు ఏడాదికి 12 వేలు, రెండేళ్లకు 24 వేలు. మొత్తం 1,24,000ను 24తో భాగిస్తే నెల వాయిదా 5,167. నెలనెలా అసలు తగ్గుతూ వచ్చినా వడ్డీ మాత్రం చివరిదాకా పూర్తి లక్ష మీదే. ఆఖరి నెలలో మీరు బాకీ ఉన్న అసలు 4,167, ఆ నెల వడ్డీ వెయ్యి. అదే 12 శాతం తగ్గుతున్న బాకీ మీద వేస్తే వాయిదా సుమారు 4,707, మొత్తం వడ్డీ 13 వేల దగ్గర ఆగిపోతుంది. అంటే ఈ ఫ్లాట్ 12 అసలు రంగు సుమారు 21.6 శాతం. ప్రాసెసింగ్ ఫీజు రెండు శాతం ముందే కోసుకుని చేతికి 98 వేలే ఇస్తే, 24కు కొంచెం తక్కువ. కార్డు వడ్డీకంటే ఇదీ నయమే, అది ఒప్పుకోవాలి. కానీ 30 వేల బాకీకి లక్ష ఎందుకిచ్చారు? మిగతా 68 వేలతో ఏం చేయాలో మీకు తోచకపోదు. వాయిదా మొదలయ్యాక కార్డు పరిమితి మళ్లీ ఖాళీగా మెరుస్తుంటుంది కాబట్టి ఏప్రిల్ పాఠం మొదటి నుంచి చదువుకోవచ్చు.

ఇక కొన్ని నిషిద్ధాలు. యాప్‌లో ఆటో చెల్లింపు పెట్టుకునేటప్పుడు ‘మొత్తం బకాయి’ అన్నదాన్ని ముట్టుకోవద్దు. అది పెట్టుకుంటే 46 రోజులు బ్యాంకు సొమ్ముతో ఉచితంగా బతికేస్తారు, ఎంత స్వార్థం! బిల్లు తేదీని జీతం పడే తేదీకి అనువుగా మార్చమని కూడా అడగొద్దు, చాలాచోట్ల మార్చేస్తారు. పరిమితి తగ్గించమని అడగడమైతే బొత్తిగా అనాగరికం.

అన్నింటికంటే ముఖ్యం, రుణం ఇస్తామని ఫోన్ చేసినవారిని ‘తగ్గుతున్న బాకీ మీద రేటెంత? అన్ని రుసుములూ పోను చేతికెంత వస్తుంది? ముందే తీర్చేస్తే ఎంత తీసుకుంటారు? ఈ మూడూ మెయిల్‌లో రాసి పంపండి’ అని ఎన్నడూ అడగకండి. ‘మా సీనియర్‌ని కనుక్కుని చెప్తాను సార్’ అంటారు, ఆ ఫోను మళ్లీ రాకపోవచ్చు. ఏమీ అడక్కుండా ఊరికే సరే అన్నారా, సాయంత్రంలోపు డబ్బు ఖాతాలో ఉంటుంది, మొదటి వాయిదా తేదీతో సహా.