పేర్లన్నీ వరసలోనే ఉన్నాయి

గుంటూరు అరండల్‌పేటలో, లిఫ్టు లేని మూడో అంతస్తులో, ఇళ్ల ప్లాన్లు గీసే చిన్న ఆఫీసు మాది. తొమ్మిది లాప్‌టాప్‌లు, మూడు అసెంబుల్డ్ డెస్క్‌టాప్‌లు, వాటి ముందు పన్నెండుమంది మనుషులం. ఐటీ డిపార్ట్‌మెంటు అంటూ ఏమీ లేదు. ప్రింటర్లో ఇరుక్కున్న కాగితాన్ని ఒకసారి చిరగకుండా బయటికి లాగిన పాపానికి ఆ డిపార్ట్‌మెంటు నాకు కట్టబెట్టారు.

2024 మార్చి నెలాఖరున ఆడిటరు గారు ఫోన్ చేసి, "కంప్యూటర్ల లిస్టు పంపండి, కొన్న తేదీలు మాత్రం కచ్చితంగా ఉండాలి" అన్నారు. ఆయన బాధ ఆయనది. ఆదాయపు పన్ను లెక్కలో కంప్యూటర్ల మీద ఏడాదికి 40 శాతం తరుగుదల వేసుకోవచ్చుగానీ, కొన్న ఏడాదిలో 180 రోజులకన్నా తక్కువ వాడితే అందులో సగమే దక్కుతుంది. అందుకని ఆయనకి తేదీ కావాలి. మా సారుకి మాత్రం లిస్టు చూడముచ్చటగా ఉండాలి.

లిస్టు ఉండనే ఉంది. నాకు ముందు పనిచేసినాయన ఎక్సెల్లో పెట్టి వెళ్లారు. వస్తువు, సీరియల్ నంబరు, ఎవరి దగ్గరుంది, కొన్న తేదీ, వారంటీ ముగిసే తేదీ, చివర్న "వారంటీ ఉందా" అనే ఇంకో గడి. కొన్నకొద్దీ కింద చేర్చుకుంటూ పోయారు కాబట్టి పేర్లు ఎలాపడితే అలా ఉన్నాయి. సారు చూసి, "పేర్లు ఏబీసీడీ వరసలో పెట్టవయ్యా, వెతుక్కోడానికి వీలుగా ఉంటుంది" అన్నారు.

పేర్ల కాలమ్ నెత్తిమీద నొక్కి సార్ట్ కొట్టాను. వెంటనే `Sort Warning` అంటూ చిన్న పెట్టె వచ్చింది. అందులో రెండు దారులు. ఒకటి `Expand the selection`, రెండోది `Continue with the current selection`. పాపం ఎక్సెల్ తనంతట తానే మొదటిదానికి చుక్క పెట్టి ఉంచింది. ఓకే నొక్కితే ఈ కథే లేదు. కానీ విస్తరణ అనే మాట వింటేనే నాకు ఖర్చు గుర్తొస్తుంది. ఉన్నదాంతో సర్దుకోవడం చిన్నప్పట్నుంచీ అలవాటు. చుక్కని రెండోదాని మీదకి మార్చి మరీ ఓకే కొట్టాను.

పెళ్లి పంక్తిలో విస్తళ్లని ఎక్కడివక్కడే ఉంచి, కూర్చున్న మనుషుల్ని మాత్రం లేపి పేర్ల ప్రకారం మళ్లీ కూర్చోబెట్టానన్నమాట. షుగరున్న బాబాయి ముందుకి పూర్ణాలు, పసివాడి ముందుకి గోంగూర పచ్చడి వచ్చాయి. పేర్లు కదిలాయి, సీరియల్ నంబర్లు కదల్లేదు. చూడ్డానికి మాత్రం షీటు ముత్యాలసరంలా ఉంది. సారు మెచ్చుకున్నారు. సేవ్ చేసి, మూసేసి, మెయిల్లో పంపేశాను. ఫైలు మూశాక ఇక కంట్రోల్ జెడ్ ఏ దేవుడికి మొక్కుకున్నా పనిచేయదు. ఆడిటరు గారు తేదీలు చూసుకున్నారు, పేర్ల జోలికే పోలేదు.

జూన్లో అకౌంట్స్ మేడంగారి లాప్‌టాప్ తెరమీద నిలువుగా ఆకుపచ్చ గీత మొలిచింది. నేను రిజిస్టరు తెరిచి, ఆవిడ పేరుకి ఎదురుగా ఉన్న సీరియల్ నంబరు కంపెనీవాళ్లకి ఫోన్లో చదివాను. అవతలి అబ్బాయి, "వారంటీ ఉంది సార్, ఇంజనీరు రేపు వస్తాడు" అన్నాడు. ఫోన్ పెట్టేసి ఆఫీసంతా ఒకసారి కలియజూశాను. రిజిస్టరంటే ఇలా ఉండాలి అన్నట్టు.

మర్నాడు ఇంజనీరు కొత్త తెరని పసిబిడ్డలా రెండు చేతులతో ఎత్తుకుని మూడంతస్తులూ ఎక్కొచ్చాడు. మేడంగారి లాప్‌టాప్ పక్కన పెట్టి చూశాడు. ఆవిడది 15.6 అంగుళాలు, అతను తెచ్చింది 14. లాప్‌టాప్ తిరగేసి అడుగున స్టిక్కరు చదివి, "మీరిచ్చిన నంబరు దీనిది కాదు సార్" అన్నాడు. మరి ఎవరిది? చుట్టూ వెతికితే చిన్న సురేష్ బల్లమీద దొరికింది. దాని తెర అద్దంలా మెరుస్తోంది.

"దీనికేం కాలేదు కదండీ, కంప్లయింటు ఎందుకిచ్చారు?" అన్నాడు ఇంజనీరు.

"కొత్త తెర వేస్తామంటే నాకేం అభ్యంతరం లేదన్నా" అన్నాడు చిన్న సురేష్.

తెర మళ్లీ మూడంతస్తులు దిగిపోయింది. మేడంగారు నా సిస్టం ముందు కూర్చుని షీటుని కాసేపు తేరిపార చూశారు. లెక్కలు చూసే మనిషి కదా, పట్టేశారు. "తేదీలు పాతవాటి నుంచి కొత్తవాటికి చక్కగా దిగుతున్నాయి. పేర్లు కూడా అంత చక్కగా అక్షరాల వరసలో ఎందుకున్నాయండీ? మనవాళ్లని పేర్ల వరసలో ఉద్యోగంలోకి తీసుకున్నామా?" అన్నారు. నేను నోరెత్తలేదు. ఆవిడే మళ్లీ, "పోనీలెండి, సీరియల్ నంబరూ తేదీ విడిపోలేదుగా. తిరిగినవి పేర్లే. ఒక్కో మిషను దగ్గరికీ వెళ్లి నంబరు చూసి, ఆ గడిలో పేరు తిరిగి రాసేయండి" అన్నారు. పదినిమిషాల పని అనుకున్నాను.

లాప్‌టాప్‌లు దోసెల్లా తిరగేసి స్టిక్కర్లు చదవడం మొదలుపెట్టాను. ఐదింటికి ఒకే నంబరొచ్చింది. "ఒకే నంబరుతో ఐదు బళ్లు తిరిగితే పోలీసులు పట్టుకుంటారన్నా" అన్నాడు పెద్ద సురేష్. తీరా చూస్తే నేను చదివింది `P/N`. అది ఆ మోడల్ అన్నింటికీ ఒకటే ఇంటిపేరులాంటిది. దేనిదానికి ఉండే సొంతపేరు పక్కనే ఇంకా చిన్న అక్షరాల్లో `S/N` అని ఉంటుంది. అదైనా ఒళ్లో పెట్టుకుని పనిచేసేవాళ్ల దగ్గర ప్యాంటుకి రాసుకుని సగం చెరిగిపోయింది. ఉన్న సగంలో అది 8 అని నేను, B అని పెద్ద సురేష్. అప్పుడు చిన్న సురేష్, స్టిక్కరుతో పనేముంది, మిషన్నే అడుగుదామన్నాడు. పవర్‌షెల్ తెరిచి ఈ ఒక్క ముక్క కొట్టాడు:

```
(Get-CimInstance Win32_BIOS).SerialNumber
```

ఎంటర్ నొక్కగానే నంబరు తెరమీద పడింది. తెరమీద నుంచే కాపీ చేసుకోవచ్చు కాబట్టి 8కీ B కీ పంచాయితీ లేదు. ఉత్సాహంగా డెస్క్‌టాప్‌ల మీదకి వెళ్లాను. మూడూ కూడబలుక్కున్నట్టు ఒకే జవాబిచ్చాయి: `To Be Filled By O.E.M.` నేను బుద్ధిగా మూడు గడుల్లోనూ అదే అతికించాను.

"ఎవరండీ ఈ ఓఈఎం? మూడూ ఆయనే నింపాలా?" అన్నారు మేడంగారు.

సంగతేమిటంటే, మదర్‌బోర్డు చేసేవాళ్లు ఆ గడిని ఖాళీగా వదిలేస్తారు. కంప్యూటరు తయారుచేసే కంపెనీ, అంటే ఓఈఎం, అందులో తన నంబరు నింపుకుంటుంది. మా కంప్యూటర్లు తయారుచేసిన కంపెనీ బ్రాడీపేటలో షాపులో కుర్రాడు. తనే ఓఈఎం అని అతనికి ఇప్పటికీ తెలీదు. అసెంబుల్డ్ మిషనుకి మొత్తం మీద ఒక సీరియల్ నంబరు గానీ ఒక వారంటీ గానీ ఉండవు. బోర్డుది బోర్డుకి, ఎస్ఎంపీఎస్‌ది ఎస్ఎంపీఎస్‌కి, బిల్లులో విడివిడిగా రాసి ఉంటాయి. అందుకని మేమే తెల్ల టేపుమీద `DT-01`, `DT-02`, `DT-03` అని రాసి డబ్బాలకి అంటించి, షీటులో ఆ పేర్లే వేసి, పక్కన బిల్లు నంబరు రాసుకున్నాం.

ఈలోగా మేడంగారి అసలు గడి దొరికింది. కొన్న తేదీ 8/5/2021. మూడేళ్ల వారంటీ. వారంటీ గడిలో `=EDATE(D7,36)`, అంటే కొన్న తేదీకి 36 నెలలు కలపమని, దాని పక్క గడిలో "ఉంది". నేను ఈసారి గుండె ధైర్యంతో ఫోన్ చేసి సరైన నంబరే చదివాను. "ఇది మే నెలలోనే అయిపోయింది సార్" అన్నాడు అవతలి అబ్బాయి, అదే మర్యాదతో.

ఆ సిస్టంలో తేదీ అమెరికా పద్ధతిలో ఉంది. మనం మే 8 అని కొట్టింది దానికి ఆగస్టు 5. కంటికి 8/5 అనే కనిపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, లోపల లెక్క మాత్రం ఆగస్టుదాకా నడుస్తూ "ఉంది, ఉంది" అంటూ ఉంటుంది. గుట్టు కింది వరసలో బయటపడింది. 21/05/2021 అని కొట్టిన తేదీ గడిలో ఎడమ గోడకి అతుక్కుని ఉంది, దాని వారంటీ గడిలో `#VALUE!` అరుస్తోంది. ఇరవై ఒకటో నెల లేదు కాబట్టి ఎక్సెల్ దాన్ని తేదీగా ఒప్పుకోక మామూలు అక్షరాల్లా పక్కన పెట్టేసింది. తేదీలన్నీ కుడివైపు నిలబడితే అదొక్కటే ఎడమకి జరిగింది. ఆ `#VALUE!`ని నేను మార్చిలోనే చూశాను. అదేదో ఎక్సెల్ ఇంట్లో గొడవ, మనకెందుకని వదిలేశాను. ఆకుపచ్చ గీతకి ఆఫీసు డబ్బు పెట్టి బయట బాగు చేయించాం. బిల్లులన్నీ కిందికి దింపి, తేదీలు 08-May-2021 అన్నట్టు నెల పేరుతో మళ్లీ కొట్టాను. మేడంగారు పక్కన నిలబడి కొట్టించారంటే సరిగ్గా ఉంటుంది.

సాయంత్రానికి పదకొండు పేర్లు కుదిరాయి. పన్నెండో గడిలో ఉన్న సీరియల్ నంబరు ఏ మిషను మీదా లేదు. సారు లాప్‌టాప్ మీదున్న నంబరు ఏ గడిలోనూ లేదు. ఉన్నది పోయింది, లేనిది వచ్చింది. ఆ పన్నెండో నంబరు మిగతావాటికి రెండింతల పొడుగుంది. సారుది కదా, పెద్ద నంబరే ఉంటుందని ఇన్నాళ్లూ అందరం అనుకున్నాం.

సారు ముఖం ఎర్రబడింది. "ఒక లాప్‌టాప్ మార్చేశారన్నమాట. తాళాలు ఎవరి దగ్గరుంటాయి?" అన్నారు. వెళ్లిపోయిన పాతాయన మీదకి, కిందంతస్తు ట్యూషన్ సెంటరు మీదకి, చివరికి ఏసీ బాగుచేయడానికొచ్చిన మనిషి మీదకి అనుమానాలు వెళ్లాయి. సీసీ కెమెరా చూద్దామన్నారు. అది 2022 నుంచి పనిచేయడం లేదని, అది రిజిస్టర్లోనే లేదని నేను చెప్పాల్సొచ్చింది.

అటెండరు బాబాయి ఇదేమీ పట్టనట్టు చీపురుతో సారు బల్లకింద దూరాడు. చార్జరు అడ్డమొస్తే పైకెత్తి, దాని పొట్ట చూసి, "దీనిమీద కూడా ఏదో నంబరుందయ్యా, రాసుకున్నావా?" అన్నాడు.

నేను వంగి ఒక్కో అక్షరం చదువుతుంటే మేడంగారు షీటుమీద వేలు జరుపుతూ పోయారు. చివరిదాకా వెళ్లింది వేలు. ఆవిడ నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగారు.

"అంటే రెండేళ్లుగా నా పేరుమీదున్నది చార్జరా?" అన్నారు సారు.

ఎవరం మాట్లాడలేదు. ఆడిటరు గారు దానిమీద ఏటా 40 శాతం వేస్తున్నారన్న సంగతి మనసులోకి వచ్చినా మింగేశాను. సారు కాసేపు చార్జరునే చూసి, గొంతు సవరించుకుని, "సరే, దానికి వారంటీ ఉందేమో చూడు" అన్నారు.

చూశాను. "ఉంది" అని ఉంది.