గెజిట్‌లో ఉందంటే ఏది జరిగినట్టు?

సరుకు అమ్మే కంపెనీ నుంచి ఉత్తరం వస్తుంది. ‘మా సంస్థ ఫలానా కంపెనీలో విలీనమైంది, ఇకపై చెల్లింపులు కొత్త ఖాతాకు పంపండి’ అని. రుజువుగా ఒక పీడీఎఫ్. పైన రాజముద్ర, కింద ‘భారత రాజపత్రం’ అని హిందీలో. అది చూడగానే అకౌంట్స్ విభాగం ఖాతా నంబరు మార్చేస్తుంది. ఆ పీడీఎఫ్ నకిలీయా కాదా అన్నది చిన్న ప్రశ్న. egazette.gov.in లోకి వెళ్లి, పేజీ నెత్తిన ఉన్న CG-DL-E తో మొదలయ్యే గెజిట్ ఐడీ కొట్టి వెతికితే తేలిపోతుంది. అసలు ప్రశ్న వేరు. ఆ మార్పును చట్టప్రకారం గెజిట్ ప్రచురణే జరిపిస్తుందా, లేక ఎక్కడో జరిగినదాన్ని గెజిట్ చెబుతోందా? కొన్ని మార్పులకైతే గెజిట్‌తో పనే ఉండదు.

గెజిట్టే సర్వస్వమైన ఉదాహరణ మనకు బాగా తెలిసినదే. 1923లో మచిలీపట్నంలో పుట్టిన ఆంధ్రా బ్యాంకును, కార్పొరేషన్ బ్యాంకును యూనియన్ బ్యాంకులో కలిపే స్కీమును కేంద్రం 2020 మార్చి 4న గెజిట్‌లో ప్రచురించింది. అమలు ఏప్రిల్ 1 నుంచి. జాతీయ బ్యాంకుల విలీనానికి కోర్టు ఆమోదం అక్కర్లేదు, బ్యాంకుల జాతీయీకరణ చట్టం కింద ప్రభుత్వం నోటిఫై చేసిన స్కీమే చాలు. వెయ్యి ఆంధ్రా బ్యాంకు షేర్లకు 325 యూనియన్ బ్యాంకు షేర్లన్న నిష్పత్తి ఆ స్కీము ప్రకారమే అమలైంది. పాత బ్యాంకు పేరిట రాసిన తనఖా పత్రాలు కొత్త బ్యాంకుకు వర్తించడానికీ అదే ఆధారం. కాబట్టి 2012లో ఆంధ్రా బ్యాంకుకు పొలం తనఖా పెట్టిన వ్యక్తి మీద యూనియన్ బ్యాంకు దావా వేస్తే, ‘నేను మీకు రాసివ్వలేదే’ అన్న వాదన నిలవదు. ఇక్కడ చూడాల్సిన తేదీలు రెండు: ప్రచురణ తేదీ, అమలు తేదీ. మార్చి 20న ఇచ్చిన చెక్కు ఆంధ్రా బ్యాంకుదే.

మామూలు కంపెనీల విలీనం ఇలా జరగదు. కంపెనీల చట్టం 230 నుంచి 232 సెక్షన్ల కింద జాతీయ కంపెనీ లా ట్రైబ్యునల్, అంటే ఎన్‌సీఎల్‌టీ ఆమోదిస్తుంది. ఆ ఉత్తర్వు ధ్రువీకృత ప్రతిని 30 రోజుల్లోగా కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర ఫైల్ చేయాలి. చాలా స్కీముల్లో ఆ ఫైలింగ్ జరిగితేనే విలీనం అమల్లోకి వస్తుందని రాసి ఉంటుంది. గెజిట్‌లో ఏమీ రాకపోవచ్చు, రాకపోయినా తప్పు లేదు. కాబట్టి పైన చెప్పిన ఉత్తరం ప్రైవేటు కంపెనీ నుంచి వచ్చినదైతే గెజిట్ కాదు, ఎన్‌సీఎల్‌టీ ఉత్తర్వూ దాన్ని రిజిస్ట్రార్ దగ్గర ఫైల్ చేసిన INC-28 పత్రమూ అడగాలి. కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో ఫీజు కట్టి మనమే ఆ పత్రాలు చూసుకోవచ్చు కూడా.

దీనికి ఒక అరుదైన మినహాయింపు ఉంది. ప్రజాప్రయోజనం పేరుతో కేంద్రమే రెండు కంపెనీలను కలిపేయవచ్చు. ఇప్పటి చట్టంలో అది 237వ సెక్షన్, పాత చట్టంలో 396. నేషనల్ స్పాట్ ఎక్స్‌ఛేంజిలో 2013లో సుమారు 5,600 కోట్ల రూపాయల చెల్లింపులు ఆగిపోయాక, దాన్ని మాతృసంస్థ ఫైనాన్షియల్ టెక్నాలజీస్‌లో కలుపుతూ 2016 ఫిబ్రవరి 12న కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. ఆ మాతృసంస్థ అప్పటికే 63 మూన్స్ టెక్నాలజీస్‌గా పేరు మార్చుకుంది. బాంబే హైకోర్టు ఆ ఉత్తర్వును సమర్థించింది. 2019 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇలాంటి సందర్భంలో పాత గెజిట్ పీడీఎఫ్ మీద ‘రద్దయింది’ అన్న ముద్ర ఎవరూ వేయరు. గెజిట్ ఆనాటి సంగతి చెబుతుంది, ఈనాటిది కాదు.

పేరు మార్పు విషయంలో జనం పడే గందరగోళానికి వేరే కారణం ఉంది. మనుషుల పేర్ల మార్పు గెజిట్ నాలుగో భాగంలో ప్రకటనగా వస్తుంది కాబట్టి కంపెనీలకూ అంతే అనుకుంటారు. కాదు. 13వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రార్ కొత్త ఇన్‌కార్పొరేషన్ సర్టిఫికెట్ ఇచ్చిన రోజే పేరు మారినట్టు. పాత పేరుకూ కొత్త పేరుకూ లంకె వేసేది CIN అనే కంపెనీ గుర్తింపు నంబరు. అందులోనూ ఒక మెలిక ఉంది, తెలుగువాళ్లకు మరీ ముఖ్యం. డాక్టర్ రెడ్డీస్ నంబరు ఇప్పుడు ఇదీ:

```
L85195TG1984PLC004507
```

రాష్ట్ర విభజనకు ముందు ఇదే నంబరులో TG ఉన్న చోట AP ఉండేది. కంపెనీ స్టాక్ మార్కెట్‌లో నమోదైతే మొదటి U కాస్తా L అవుతుంది, ప్రైవేటు నుంచి పబ్లిక్‌కు మారితే PTC పోయి PLC వస్తుంది. అందుకే హైదరాబాద్ కంపెనీ గురించి పాత నోటీసుల్లో వెతికేటప్పుడు మొత్తం 21 అక్షరాలూ సరిపోలలేదని వదిలేయకూడదు. స్థాపించిన ఏడాది, చివరి ఆరంకెలు కలిశాయా అని చూడాలి.

కంపెనీని మూసేయమనే వైండింగ్ అప్ ఉత్తర్వు దగ్గరికొస్తే, ట్రైబ్యునల్ ఉత్తర్వు ముందు, గెజిట్ తర్వాత. ఉత్తర్వు అందాక రిజిస్ట్రార్ తన రికార్డుల్లో రాసుకుని గెజిట్‌లో తెలియజేయాలని 277వ సెక్షన్ చెబుతోంది. కానీ అప్పులు తీర్చలేక మూతపడే కంపెనీలు 2016 నుంచి ఈ దారిన రావడం లేదు, దివాలా స్మృతి కింద లిక్విడేషన్‌కు వెళ్తున్నాయి. ఆ ప్రకటన పత్రికల్లో, ibbi.gov.in లో వస్తుంది. బకాయిల క్లెయిమ్‌కు ఆఖరి తేదీ అందులోనే ఉంటుంది. ‘గెజిట్‌లో ఏమీ లేదుగా’ అని నిబ్బరంగా కూర్చున్న సరఫరాదారు ఆ గడువు దాటబెట్టుకుంటాడు.

గెజిట్‌ను నిజంగా దగ్గరపెట్టుకుని చదవాల్సింది స్ట్రైక్ ఆఫ్ విషయంలో. వ్యాపారం చేయని, రిటర్నులు వేయని కంపెనీలను 248వ సెక్షన్ కింద రిజిస్ట్రార్ తన రిజిస్టరు నుంచి తొలగిస్తారు. ముందు STK-5 నోటీసు వస్తుంది, అభ్యంతరాలకు 30 రోజులు. ఆ తర్వాత తొలగించినట్టు చెప్పే STK-7 నోటీసు. ఇది గెజిట్‌లో పడ్డప్పుడే కంపెనీ రద్దయినట్టని చట్టం స్పష్టంగా చెబుతోంది. చాలామంది STK-5 జాబితాలో పేరు చూసి కంపెనీ పోయిందనుకుంటారు. అది హెచ్చరిక మాత్రమే. అభ్యంతరం చెప్పి బయటపడ్డ కంపెనీలూ ఉంటాయి.

STK-7 పీడీఎఫ్‌లో ఒకే కంపెనీ ఉండదు, ఒక్కోసారి వందల పేర్లుంటాయి. చాలావరకు స్కాన్ చేసిన కాగితాలే కాబట్టి కంప్యూటర్‌లో పేరు కొట్టి వెతికితే దొరకదు. జాబితాలో కళ్లతో వెతుక్కోవాల్సిందే. తేదీలు కూడా మూడు కనబడతాయి: రిజిస్ట్రార్ సంతకం చేసిన రోజు, కంపెనీ రద్దయిందని నోటీసు చెప్పే రోజు, గెజిట్ ప్రచురణ రోజు. ఇవి ఒకటే కావాలని లేదు. మూడూ విడివిడిగా రాసిపెట్టుకోవాలి, ఎందుకంటే 252వ సెక్షన్ కింద కంపెనీని తిరిగి బతికించమని బాకీ రావాల్సిన వ్యక్తి ఎన్‌సీఎల్‌టీని అడిగే 20 ఏళ్ల గడువు మొదలయ్యేది మూడో తేదీ నుంచే. రద్దయిన కంపెనీ పేరిట వచ్చిన ఇన్‌వాయిసు మీద రెండో తేదీ తర్వాతి తారీఖు ఉంటే, డబ్బు పంపకుండా ముందు ఆ బిల్లు ఎవరు ఇచ్చారో అడగాలి.